ఐదు డబ్బాల లెక్క

వంద గ్రాములకు ఎన్ని కెలోరీలు? ఫోన్‌లో కెలోరీల యాప్ తెరిచి బియ్యం అని కొడితే దాదాపు 356 అని చూపిస్తుంది. అన్నం అని కొడితే 130 దగ్గర ఆగుతుంది. రెండూ నిజమే. మధ్యలో వచ్చి చేరింది నీళ్లు మాత్రమే. నీళ్లకు బరువుంది, కెలోరీలు లేవు. కోడిమాంసం విషయంలో కథ తిరగబడుతుంది. పొయ్యి మీద దాని నీళ్లు బయటికి పోతాయి, ముక్క చిక్కిపోతుంది, వంద గ్రాముల్లో ప్రోటీన్ ఎక్కువగా కనిపిస్తుంది. అన్నం ఉబ్బుతుంది, చికెన్ కుదించుకుపోతుంది. ఆదివారం ఒకేసారి వండి, వారమంతా ఆఫీసుకు పట్టుకెళ్లే డబ్బాల్లో సమానంగా సర్దాలనుకునేవాళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే.

జిమ్‌కి వెళ్లేవాళ్ల మాటల్లో ‘మాక్రోస్’ అంటే ప్రోటీన్, పిండిపదార్థం, కొవ్వు. ఐదు డబ్బాల్లోనూ ఈ మూడూ సమానంగా ఉండాలి, కెలోరీలూ సమానంగా ఉండాలి. పప్పు గరిటెతో ఐదు కంచాల్లో వడ్డించినంత సులువుగా ఇది తెగదు. కంటికి సమానంగా కనిపించే రెండు డబ్బాల మధ్య, ఒకదాంట్లోకి నూనె తేట కాస్త ఎక్కువ జారితే చాలు, వంద కెలోరీల తేడా వస్తుంది. అలాగని గణితంలో పట్టా అక్కర్లేదు. ఒక వంటింటి త్రాసు, ఒక కాగితం, కొంచెం క్రమం ఉంటే సరిపోతుంది. ఆ క్రమం ఏమిటంటే, పదార్థాలన్నీ పచ్చిగా ఉన్నప్పుడు తూచి మొత్తం కెలోరీలు కట్టుకోవాలి. వండాక వచ్చిన మొత్తం బరువును పంచడానికి మాత్రమే వాడుకోవాలి.

ఉదాహరణకు మాదాపూర్‌లో గది తీసుకుని ఉంటున్న 65 కిలోల యువకుడిని తీసుకుందాం. సోమవారం నుంచి శుక్రవారం దాకా మధ్యాహ్న భోజనం అతనికి కావాలి. ఆదివారం సాయంత్రం చికెన్ సెంటర్ నుంచి స్కిన్‌లెస్, బోన్‌లెస్ బ్రెస్ట్ ఒక కిలో తెచ్చాడు. ఇంట్లో సోనా మసూరి ఉంది. అర కిలో బియ్యం, 30 గ్రాముల నూనె, 100 గ్రాముల పెరుగు, 200 గ్రాముల ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి, ఉప్పు. అతని సరంజామా ఇంతే.

చికెన్‌ను కడగకముందే తూచాలి. కడిగిన ముక్కలు నీళ్లు పట్టుకుంటాయి, ఆ నీళ్లను త్రాసు మాంసంగా చూపిస్తుంది. పెరుగు, మసాలా పట్టించాక తూస్తే ఆ లెక్క ఇక దేనికీ పనికిరాదు. నూనెను చెంచాలతో కాకుండా బరువుతో కొలవడం మేలు. సీసాను త్రాసు మీద పెట్టి సున్నా చేసి, మూకుడులో పోశాక మళ్లీ పెడితే తగ్గిన బరువెంతో తెలుస్తుంది. ఈ ఒక్క పని దగ్గర బద్ధకించకూడదు. ఒక గ్రాము ప్రోటీన్‌లో, ఒక గ్రాము పిండిపదార్థంలో సుమారు 4 కెలోరీలు ఉంటే, ఒక గ్రాము కొవ్వులో 9 ఉంటాయి. 19వ శతాబ్దం చివర్లో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త విల్బర్ అట్‌వాటర్ చేసిన పరిశోధనల నుంచి వచ్చిన ఈ అంకెలే ఇవాళ్టి ప్యాకెట్ల లేబుళ్లకూ ఆధారం. నూనె మొత్తం కొవ్వే కాబట్టి 30 గ్రాములంటే 270 కెలోరీలు. గాలికి వదిలేస్తే ఐదు డబ్బాల లెక్కలో అన్నిటికన్నా పెద్ద తప్పు అక్కడే దొర్లుతుంది.

ఇప్పుడు కాగితం మీదికి వద్దాం. పచ్చి బ్రెస్ట్ కిలోలో దాదాపు 225 గ్రాముల ప్రోటీన్, 26 గ్రాముల కొవ్వు ఉంటాయి. అంటే సుమారు 1,134 కెలోరీలు. బియ్యానికి నమ్మదగిన అంకెలు కావాలంటే హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికలు ఉన్నాయి. వాటి ప్రకారం వంద గ్రాముల బియ్యంలో ప్రోటీన్ 8 గ్రాములకు కాస్త తక్కువ, పిండిపదార్థం 78 గ్రాములు, కొవ్వు అర గ్రాము. అర కిలోకు సుమారు 40 గ్రాముల ప్రోటీన్, 390 గ్రాముల పిండిపదార్థం, మొత్తం 1,742 కెలోరీలు వస్తాయి. పెరుగు, ఉల్లి కలిపి ఇంకో 148. నూనె 270. అన్నీ కూడితే 3,294 కెలోరీలు. ఐదుతో భాగిస్తే ఒక్కో డబ్బాకు 659. ప్రోటీన్ మొత్తం 270 గ్రాములు, డబ్బాకు 54. పిండిపదార్థం 83 గ్రాములకు దగ్గరగా, కొవ్వు పన్నెండున్నర.

54 అనే అంకె దగ్గర కాసేపు ఆగాలి. జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ సరిపోతుంది. 65 కిలోల మనిషికి అది సరిగ్గా 54 గ్రాములు. అంటే రోజంతటికీ కావలసిన కనీస ప్రోటీన్ ఈ ఒక్క డబ్బాతోనే అందుతుంది. బరువులెత్తేవాళ్లు ఇంతకన్నా ఎక్కువే తీసుకుంటారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఇంత మోతాదు జోలికి పోకూడదు.

అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి లెక్కలోకి రాలేదని ఎవరైనా అడగవచ్చు. వాటిలోనూ కెలోరీలు కొన్ని ఉంటాయి. కానీ అవి మొత్తం కూరలో కలిసిపోయి ఐదు భాగాలుగానే విడిపోతాయి. మొత్తం అంకె కాస్త తగ్గుతుందేమో కానీ డబ్బాల మధ్య సమానత్వం చెడదు. ఈ పద్ధతిలో గట్టిదనం ఇదే. పట్టికల్లోని అంకెలన్నీ సగటులు. ఈ వారం తెచ్చిన కోడిలో కొవ్వు కాస్త ఎక్కువుండవచ్చు, బియ్యం పాతదో కొత్తదో కావచ్చు. 659 అని రాసుకున్న డబ్బాలో నిజానికి 630 ఉండవచ్చు, 690 ఉండవచ్చు. కానీ ఉన్నదేదో ఐదింటిలోనూ ఒకేలా ఉంటుంది. బరువు తగ్గాలని చూసే మనిషికి ఇది చాలా ఉపయోగపడుతుంది. నెల తర్వాత బరువు కదలకపోతే, ఎక్కడ ఎంత తగ్గించాలో తేల్చుకోవడానికి నిలకడైన కొలత ఒకటి చేతిలో ఉంటుంది.

అన్నం వండేటప్పుడు గంజి వార్చకూడదు. వార్చిన గంజితో పాటు కొంత పిండి కూడా పోతుంది, ఎంత పోయిందో ఇంట్లో కొలవలేం. అత్తెసరు పెట్టి నీళ్లన్నీ ఇగిరేలా వండినా, కుక్కర్‌లో వండినా పోసిన బియ్యం మొత్తం గిన్నెలోనే ఉంటుంది. నీళ్లు ఒక గ్లాసు ఎక్కువ పడి అన్నం మెత్తబడినా కంగారు పడనక్కర్లేదు. బరువు పెరుగుతుంది, కెలోరీలు పెరగవు. మొత్తాన్ని ఐదుతోనే భాగిస్తాం కాబట్టి ఒక్కో డబ్బాలోకి మళ్లీ వంద గ్రాముల బియ్యమే చేరుతుంది.

అన్నాన్ని తూచడానికి ఒక సమయం ఉంది. పొయ్యి దించగానే తూస్తే, పంచేలోగా ఆవిరి రూపంలో నీళ్లు పోయి బరువు తగ్గుతూ ఉంటుంది. అందుకని ముందు ఖాళీ పళ్లెం బరువు రాసుకుని, అన్నాన్ని అందులో పలుచగా పరిచి, పొగలు తగ్గాక తూచాలి. మన ఉదాహరణలో పళ్లెం 410 గ్రాములు, అన్నంతో కలిపి 1,830. అంటే అన్నం 1,420 గ్రాములు, డబ్బాకు 284. ఖాళీ గిన్నెల బరువులు కాగితం మీద ఉండి తీరాలి. డిజిటల్ త్రాసులు చాలావరకు కొన్ని నిమిషాలు ముట్టుకోకపోతే వాటంతటవే ఆగిపోతాయి. సున్నా చేసి పెట్టుకున్న బరువు దాంతోపాటే పోతుంది. అప్పటికి గిన్నె నిండా కూర ఉంటే ఖాళీ గిన్నె బరువు తెలిసే దారే ఉండదు.

కూర దగ్గర ఇంకొంచెం ఓపిక పట్టాలి. ముక్కలు, మసాలా కలిపి గరిటెతో తోడితే ఒక డబ్బాలో ముక్కలెక్కువ, ఇంకోదాంట్లో గుజ్జెక్కువ పడతాయి. బరువు సమానమే కానీ ప్రోటీన్ సమానం కాదు. కూరను బేసిన్‌లోకి తీసి, చిల్లుల గరిటెతో ముక్కల్ని వేరు చేసి విడిగా తూచడమే దీనికి విరుగుడు. కిలో పచ్చి చికెన్ ఉడికాక 740 గ్రాముల ముక్కలుగా తేలిందనుకుందాం. డబ్బాకు 148. మిగిలిన మసాలా గుజ్జు 350 గ్రాములు, డబ్బాకు 70. గుజ్జును ప్రతిసారీ అడుగు నుంచి బాగా కలిపి తోడాలి, ఎందుకంటే నూనె పైకి తేలుతుంది. మొదట తోడిన గరిటెలోకి 10 గ్రాముల నూనె అదనంగా వెళ్తే ఆ డబ్బాకు 90 కెలోరీలు పెరుగుతాయి, ఆ మేరకు మిగతావాటికి తగ్గుతాయి. మూకుడు అంచులకు అంటుకున్న మసాలానూ వదలకూడదు. రెండు చెంచాల వేడినీళ్లు పోసి గీకి గుజ్జులో కలిపేస్తే అదీ లెక్కలోకి వస్తుంది.

ముక్కను కోయలేక 148 బదులు 151 గ్రాములు పడిందని బాధపడనక్కర్లేదు. మూడు గ్రాముల ఉడికిన బ్రెస్ట్ అంటే ఐదు కెలోరీలకు మించదు. ఎక్కడ పట్టుగా ఉండాలో, ఎక్కడ చూసీచూడనట్టు పోవచ్చో తెలియడమే ఈ పనిలో నేర్పు. నూనె దగ్గర గ్రాము గ్రాముకూ పట్టుండాలి. బియ్యం దగ్గర కాస్త జాగ్రత్త చాలు. చికెన్ దగ్గర రెండు మూడు గ్రాములు వదిలేయవచ్చు.

పంపకం సరిగ్గా జరిగిందో లేదో చివరి డబ్బా చెబుతుంది. నాలుగింటిలో 284 గ్రాములు సర్ది, మిగిలిందంతా ఐదోదాంట్లో వేస్తే అదీ 284 దగ్గరకే రావాలి. 260 చూపిస్తే కొంత అన్నం పళ్లానికో గరిటెకో అంటుకుని ఉండాలి, లేదా వేడిగా ఉన్నప్పుడే తూచి ఉండాలి. బాగా ఎక్కువ చూపిస్తే ఖాళీ డబ్బా బరువు తీసేయడం మరిచిపోయినట్టు. ఒకే సెట్‌లో కొన్న డబ్బాలు కూడా ఒకే బరువు ఉంటాయని నమ్మకూడదు, ఒక్కోదాన్నీ పెట్టి సున్నా చేసుకోవాలి. త్రాసు మీదే అనుమానం వస్తే కొలిచిన లీటరు నీళ్లు పోసి చూడవచ్చు. కిలోకు దగ్గరగా చూపించాలి.

యాప్‌లో రాసుకునేటప్పుడు జరిగే తప్పు వేరే రకం. అన్నం 284 గ్రాములు తూచి, యాప్‌లో ‘బియ్యం’ వరుస ఎంచుకుంటే అది వెయ్యి కెలోరీలు దాటిస్తుంది. నిజంగా ఉన్నది సుమారు 350. చికెన్‌కు ఇది తలకిందులవుతుంది. ఉడికిన 148 గ్రాముల్ని ‘పచ్చి’ వరుసలో రాస్తే ప్రోటీన్ 45 గ్రాములకు బదులు 33గా చూపిస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికే ‘ఉడికిన అన్నం’ అంకె కూడా ఎవరో ఎన్నో నీళ్లు పోసి వండిన అన్నానిది. మన కుక్కర్ అన్నానికి అది అతకాలని లేదు. అందుకే డబ్బా మీద ఉడికిన బరువు కాకుండా, ‘పచ్చి చికెన్ 200 గ్రాములు, బియ్యం 100 గ్రాములు, నూనె 6 గ్రాములు’ అని రాసుకోవడమే మంచిది. పచ్చి బరువు రాసుకుంటే ఏ వారం ఎలా వండినా లెక్క ఒకటే.

ఎముకతో ఉన్న కర్రీ కట్ ఇష్టపడేవాళ్లకు ఈ పద్ధతి అంత సాఫీగా కుదరదు. త్రాసు మీద ఎముక బరువూ మాంసంగానే కనిపిస్తుంది. ఒక డబ్బాలో రెండు కాళ్లు, ఇంకోదాంట్లో రెక్క, మెడ పడితే బరువు ఒకటైనా తినేది ఒకటి కాదు. పైగా తొడ మాంసంలో కొవ్వు బ్రెస్ట్ కన్నా ఎక్కువ. ఎముకతో వండినా ఉడికాక మాంసాన్ని విడదీసి, ఎముకలు పక్కన పెట్టి, మాంసాన్ని బాగా కలిపి పంచితే సమానత్వం వస్తుంది. మొత్తం ఎంత అన్న అంకె మాత్రం ఉజ్జాయింపే అవుతుంది. పులావ్, బిర్యానీల్లోనూ ముందు ముక్కలన్నీ ఏరి తూచి పంచి, ఆ తర్వాతే అన్నాన్ని అడుగూ పైనా కలిపి పంచాలి. అడుగు అన్నం నూనెతో, రసంతో తడిసి ఉంటుంది, పై పొర పొడిగా ఉంటుంది. ఆ రెండింటినీ కలపకుండా తోడితే పొద్దున్నుంచి కట్టుకున్న లెక్కంతా వృథా.

ఇక నిల్వ. ఇక్కడ తప్పు జరిగితే పోయేది కెలోరీలు కాదు, ఆరోగ్యం. బియ్యంలో బాసిల్లస్ సిరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండవచ్చు. ఉడికించినా అవి చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి బయట ఉంటే మొలకెత్తి విషాన్ని తయారు చేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే రాత్రి చల్లారాక సర్దుదాంలే అనుకుని టీవీ ముందు కూర్చోవడం ప్రమాదం. వండిన ఆహారం గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదనీ, వేడి 32 డిగ్రీలు దాటితే గంటకు మించకూడదనీ అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. మన ఎండాకాలం వంటగదికి ఆ గంటే గడువు. పళ్లెంలో పలుచగా పరచడం ఇక్కడ రెండో పనికీ అక్కరకొస్తుంది. అన్నం త్వరగా చల్లారి, డబ్బాల్లోకి, ఫ్రిజ్‌లోకి త్వరగా చేరుతుంది. లోతైన డబ్బాలో కూరి పెడితే మధ్యభాగం చాలాసేపు వెచ్చగానే ఉండిపోతుంది.

వండిన చికెన్‌కు ఫ్రిజ్‌లో మూడు నుంచి నాలుగు రోజులే గడువని అదే శాఖ అంటుంది. ఆదివారం సాయంత్రం వండింది శుక్రవారం దాకా ఫ్రిజ్‌లో ఉంచడం సరికాదు. సోమ, మంగళ, బుధవారాల డబ్బాలు ఫ్రిజ్‌లో, గురు, శుక్రవారాలవి వండిన రోజే ఫ్రీజర్‌లో పెట్టాలి. గురువారం డబ్బాను బుధవారం రాత్రి ఫ్రిజ్‌లోకి దించితే పొద్దునకు మంచు కరుగుతుంది. వంటగట్టు మీద పెట్టి కరిగించకూడదు. ఊళ్లో కరెంటు గంటల తరబడి పోతుంటే ఒకేసారి ఐదు డబ్బాలు వండే ఆలోచన మానుకుని, మూడు ఆదివారం, రెండు బుధవారం వండుకోవడం క్షేమం.

ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం బిరుసెక్కుతుంది. ఉడికినప్పుడు విడిపోయిన పిండి అణువులు చల్లబడ్డాక మళ్లీ దగ్గరగా పేర్చుకోవడమే కారణం. చెంచాడు నీళ్లు చిలకరించి, మూత వదులుగా పెట్టి వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతుంది. ఆ నీళ్ల వల్ల లెక్కేమీ మారదు. లోపలిదాకా పొగలు కక్కేలా, అంటే 74 డిగ్రీలకు చేరేలా వేడి చేయాలి. మైక్రోవేవ్ అంచుల్ని కాల్చి మధ్యను చల్లగా వదిలేస్తుంది కాబట్టి సగంలో ఆపి ఒకసారి కలపాలి. ఒకసారి వేడి చేసింది మిగిలితే మళ్లీ ఫ్రిజ్‌కి పంపకూడదు.

రెండు మూడు వారాలయ్యాక డబ్బాకు వంద కెలోరీలు తగ్గించాలనిపించిందనుకుందాం. అప్పుడు చికెన్ ముట్టుకోనక్కర్లేదు. ఐదు డబ్బాలకు 500 కెలోరీలంటే సుమారు 140 గ్రాముల బియ్యం. వచ్చే ఆదివారం 500 గ్రాములకు బదులు 360 గ్రాములు వండితే డబ్బాకు పిండిపదార్థం 22 గ్రాములు తగ్గుతుంది. ప్రోటీన్ 54 నుంచి 52కు వస్తుంది, కొవ్వు దాదాపు అలాగే ఉంటుంది. ఖాళీ అయిన చోట దొండకాయో బీన్సో నూనె లేకుండా ఉడికించి పెట్టుకోవచ్చు. వాటినీ పచ్చిగా ఒకసారి, ఉడికాక ఒకసారి తూచి ఐదు భాగాలు చేస్తే సరి.